ఎవరి తేలిక వారిది

అక్క నోరు తెరిస్తే మూయదని ఆ గ్రౌండులో పరిగెత్తే వాళ్లందరికీ తెలుసు. ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. ఎదురుగానే అనేవాళ్లు, ఆమె కూడా నవ్వేసేది. ఆసుపత్రిలో గుండె పరీక్షల గదిలో ఆమె ఉద్యోగం. రోగుల ఛాతీకి తీగలు అతికించి, "కదలకండి, మాట్లాడకండి" అని పొద్దస్తమానం చెప్పడమే పని. పరీక్ష సాగుతున్నంతసేపూ తానూ మాట్లాడకూడదు. పగలు మింగిన మాటలన్నీ పొద్దున పరుగులో కక్కేస్తుందని మొగుడు వేళాకోళం చేసేవాడు.

వినే పని చెల్లెలిది. బట్టల దుకాణం వెనక గదిలో కుట్టు మిషను ముందు కూర్చుని, జనం కొన్న ప్యాంట్లు పొట్టి చేసి, చొక్కాలు బిగించి ఇస్తుంది. మొదటినుంచీ మాట తక్కువ మనిషి. పక్కపక్కనే పరిగెత్తుతూ అక్క చెబుతూ ఉంటే చెల్లెలు ఊ కొడుతుంది. ఆసుపత్రి కబుర్లకు ఊ, అత్తగారి మోకాళ్ల నొప్పులకు ఊ, కొడుకు లెక్కల మార్కులకు ఊ.

తల్లి పోయి రెండేళ్లయింది. చావు ఒక్క మనిషినే తీసుకుపోతుందనుకుంటాం గానీ, ఒట్టి మాట. అమ్మతో పాటు అద్దె ఇల్లూ పోయింది, పండగా పబ్బమూ అని కలిసి కూర్చునే చోటూ పోయింది. చెల్లెలు దుకాణం పై గదిలోకి మారింది. అక్కకు మొగుడు, పిల్లాడు, అత్తగారు, డ్యూటీలు. ఇక అక్కాచెల్లెళ్లు అక్కాచెల్లెళ్లుగా మిగిలింది పొద్దున్నే ఆ పరుగులోనే. అది కూడా పోతే తనకు పుట్టిల్లనేదే లేదని అక్క అనుకునేది. అందుకే జలుబు చేసినా మానేది కాదు.

ఇప్పుడు ఆ పరుగుకే ఎసరొచ్చింది.

వాళ్ల క్లబ్బు పది కిలోమీటర్ల పోటీకి నలుగురు ఆడవాళ్లతో జట్టు కడుతుంది. జట్టుకీ, జట్టు అంచున ఉన్నవాళ్లకీ మాస్టారు పొద్దున పూట నేర్పుతాడు. మిగతావాళ్లు ఆదివారం గుంపులో సరదాకి పరిగెత్తుకుంటారు. అక్క జట్టులో రెండో మనిషి. చెల్లెలు నిరుడు నాలుగో స్థానంలో ఉండేది, ఈ ఏడు ఐదుకి జారింది, ఇంకా జారుతోంది. కాళ్లు సీసం పోసినట్టున్నాయంటుంది. రాత్రి నిద్ర పట్టదంటుంది. జోరుగా పరిగెత్తాల్సిన రోజున జోరు రాదు. నెలాఖరు పరీక్ష పరుగులో మెరుగుపడకపోతే ఆదివారం గుంపుకి పంపిస్తానని మాస్టారు చెప్పేశాడు. చెల్లెలు గదికి వెళ్లి ఏడ్చిందని పక్క గదిలో ఉండే దర్జీ ఆవిడ వచ్చి అక్కకు చెప్పింది.

అక్క ఊరుకునే మనిషా? మర్నాడే మాస్టారి మీదికి వెళ్లింది.

"దాన్ని పాడు చేస్తోంది మీ పిరమిడ్ పద్ధతే మాస్టారూ," అంది. "అంతా చదివాను నేను. మధ్య రకం జోరు మనిషిని పీల్చేస్తుంది. పోలరైజ్డ్ పద్ధతిలో మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. ఉంటే బాగా తేలిక, లేకపోతే బాగా జోరు. రెండు కొసలే. మీరేమో వారం వారం ఆ అరగంట మధ్య జోరు పెట్టి దాని ప్రాణం తోడేస్తున్నారు."

మాస్టారు గ్రౌండు మెట్ల మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. రిటైరైన బడి మాస్టారు. పిల్లకాయల కోతి చేష్టలు నలభై ఏళ్లు చూసినవాడు గనక తొందరగా కోపం రాదు.

"కూర్చోమ్మా," అన్నాడు. "నీ పద్ధతికైనా నా పద్ధతికైనా అడుగు భాగం ఒకటే. నూటికి డెబ్బై ఐదో, ఎనభయ్యో పాళ్లు తేలిక. పైన మిగిలే ఆ కాస్త దగ్గరే మన తగువు. నేను మధ్యలో కొంత పెట్టి, అంతకన్నా తక్కువ కొసకి ఉంచుతాను, అందుకే అది పిరమిడ్. నువ్వు మధ్యని దాదాపు ఖాళీ చేసి కొసకే పెట్టమంటావు. కొందరికి అది పడుతుంది, కొందరికి ఇది. పోటీ దగ్గర పడితే నేనూ నీ వైపు కొంచెం జరుగుతాను. కానీ అడుగే లేకపోతే రెండూ కూలతాయి. దాని అడుగు చూశావా?"

"చూసేదేముంది? వారానికి ఆరు పరుగులు. నాలుగు తేలిక, నాతోనే."

"రోజులు లెక్కపెడితే ఒకలా వస్తుంది, నిమిషాలు లెక్కపెడితే ఇంకోలా వస్తుంది. జోరు రోజున కూడా మొదటా చివరా తేలిక ఉంటుందిగా. నిమిషాలు తియ్యి. ఒక్క వారం కాదు, నాలుగు వారాలవి తియ్యి. గుండె వేగానికి రెండు హద్దులు పెట్టుకో. మొదటి హద్దు కింద ఎన్ని నిమిషాలు, రెండిటికీ మధ్య ఎన్ని, రెండోది దాటి ఎన్ని. తియ్యి, అప్పుడు తిడుదువుగాని నన్ను."

ఆ సాయంత్రం అక్క చెల్లెలి గదికి వెళ్లి, దాని చేతి వాచీలోని పరుగులన్నీ ఫోనులోకి దించుకుంది. వాచీ ఒక్కో పరుగులో గుండె ఎంత వేగంతో కొట్టుకుందో నిమిషం నిమిషం దాచిపెడుతుంది. పచ్చరంగు తేలిక, పసుపు మధ్య, ఎరుపు జోరు. నాలుగు వారాలూ కూడింది. నూటికి ఎనభై రెండు పాళ్లు పచ్చ!

"చూశావటే," అని చెల్లెలి వీపు చరిచింది. "నీ అడుగు బండరాయిలా ఉంది. ఇక ఆ పెద్దమనిషి ఏం చెబుతాడో చూస్తాను."

చెల్లెలు ఒళ్లోని చొక్కా బొత్తాం కుడుతూ, "ఊ," అంది.

మర్నాడు అక్క ఫోను తీసుకెళ్లి మాస్టారి ముక్కు కింద పెట్టింది. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు.

"ఈ పచ్చ ఎక్కడిదాకా పెట్టారు?"

"నూట యాభై ఎనిమిది దాకా."

"ఎవరు పెట్టారు?"

"నేనే. నిరుడు మా ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్లు మీద పరీక్ష చేయించుకుని..." అక్క మాట మధ్యలో ఆగింది. రేడియో ఆగడం అక్కడివాళ్లు చూడటం అదే మొదటిసారి.

ఆ వాచీ అక్కదే. కొత్తది కొనుక్కున్నాక పాతది చెల్లెలికి ఇచ్చింది. చిన్నప్పటినుంచీ అంతే, అక్కకు పొట్టి అయిన గౌను చెల్లెలికి, అక్క దాటిన క్లాసు పుస్తకాలు చెల్లెలికి. వాచీ కూడా అలాగే చేతులు మారింది. పేరు మార్చారు, పుట్టిన తేదీ మార్చారు. హద్దులు మార్చాలని ఇద్దరికీ తట్టలేదు. ఆసుపత్రిలో ఒకరి గుండె కాగితం మీద ఇంకొకరి పేరు పడితే ఆ గదంతా ఎగిరిపడేలా అరిచే మనిషి, ఇంట్లో ఏడాదిగా అదే పని చేసింది. ఛీ, నా చదువు తగలెయ్య అనుకుంది.

"అయినా మాస్టారూ," అని తమాయించుకుంది, "హద్దు తప్పయినా అది ఆయాసపడటం నేను చూడలేదే. నాతో మాట్లాడుతూనే పరిగెత్తుతుంది."

"ఏం మాట్లాడుతుంది?"

"ఏదో... నేను చెబుతుంటే ఊ కొడుతుంది."

"ఊ అనడానికి ఊపిరెంత కావాలమ్మా?" అన్నాడు మాస్టారు. ఆ మాట మెల్లగానే అన్నాడు.

చెల్లెల్ని పిలిచాడు. అక్కాచెల్లెళ్లిద్దరినీ ట్రాక్ మీదకి పంపాడు. రోజూ ఎలా పరిగెత్తుతారో అలాగే పరిగెత్తమన్నాడు. కాకపోతే ఈసారి కథ చెప్పాల్సింది చెల్లెలు, ఊ కొట్టాల్సింది అక్క.

రెండు చుట్లు వేడెక్కాక మూడో చుట్టులో చెల్లెలు మొదలుపెట్టింది. "నిన్న దుకాణానికి ఒకాయన వచ్చి," అని గాలి పీల్చింది. "పెళ్లి సూటు," అని ఇంకోసారి పీల్చింది. "నడుం... దగ్గర..." అంది. తర్వాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ముక్కలు ముక్కలుగా వచ్చిన ఆ మాటల్ని వింటూ అక్క పక్కకి తిరిగి చెల్లెలి మొహం చూసింది. రెండేళ్లుగా పక్కనే ఉన్న మొహం. మెడ మీద నరాలు తేలి ఉన్నాయి. ఎప్పుడూ ముందుకి చూస్తూ చెప్పుకుపోవడమే గానీ, ఈ మొహాన్ని తాను చూసిందెప్పుడని అక్క అనుకుంది.

"నెమ్మదించండి," అని మాస్టారు గట్టుమీదనుంచి అరిచాడు. "ఇంకా. ఇంకా నెమ్మది. వాక్యం తెగకుండా వచ్చేదాకా."

నెమ్మదించారు. అక్కకు అది పరుగులా లేదు, సంతలో బేరమాడుతూ నడిచినట్టుంది. ఆ వేగం దగ్గర చెల్లెలి గొంతు తెరుచుకుంది. పెళ్లి సూటు ఆయన కథ మొత్తం వచ్చింది. ఆయన పొట్ట లోపలికి బిగబట్టి కొలత ఇచ్చాడట. సూటు తొడుక్కుని ఊపిరి వదిలేసరికి బొత్తాం ఎగిరి యజమాని టీ గ్లాసులో పడిందట. అక్క పగలబడి నవ్వింది. చెల్లెలు ఇంత చక్కగా చెబుతుందని ఆమెకు తెలియదు.

వాచీలో గుండె నూట ముప్పై ఎనిమిది చూపిస్తోంది. రోజూ పక్కపక్కన పరిగెత్తేటప్పుడు అదే గుండె నూట యాభై ఐదు దగ్గర కొట్టుకునేది.

ఇంకో రెండు పొద్దుల్లో మాస్టారు అలాగే మెల్లమెల్లగా వేగం పెంచి, మాట ఎక్కడ ముక్కలవుతోందో, ఎక్కడ పూర్తిగా ఆగుతోందో చూశాడు. మొదటి హద్దు నూట నలభై రెండు, రెండోది నూట డెబ్బై దగ్గర అని తేల్చాడు. "ఇది మాటతో తూచిన తూకం, నాలుగైదు అటూ ఇటూ ఉంటుంది," అన్నాడు. "పొట్టి జోరు పరుగుల్లో వాచీని నమ్మకండి. గుండె ఆలస్యంగా ఎక్కుతుంది, అది ఎక్కేలోపు పరుగు అయిపోతుంది. అక్కడ పరిగెత్తిన నిమిషాలే లెక్క."

ఆ కొత్త హద్దులతో అక్క మళ్లీ కూడింది. అదే నాలుగు వారాలు, అవే పరుగులు. తేలిక నూటికి ముప్పై కూడా రాలేదు, అది కూడా మొదటా చివరా వేడెక్కించుకున్న నిమిషాలే. మధ్యలో అరవై దాటింది. కొసకి మిగిలింది పదో ఎంతో. అది పిరమిడూ కాదు, రెండు కొసలూ కాదు. అడుగు సన్నగా, పొట్ట లావుగా ఉన్న కుండ.

"ఇందులో నువ్వు తిట్టడానికి నా పద్ధతీ లేదు, పొగడటానికి నీ పద్ధతీ లేదు," అన్నాడు మాస్టారు. "ఈ పిల్ల రెండిట్లో దేన్నీ ఎప్పుడూ పరిగెత్తనే లేదు."

అక్క ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఏమైందని మొగుడు అడిగాడు. "చెల్లెల్ని నేనే అరగదీశాను," అంది. "మాస్టారు పెట్టింది వారానికి అరగంట. నేను పెట్టింది రోజూ గంట." మొగుడు ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు. నా తేలిక దాని తేలిక అనుకున్నానే అని ఒకటే కుమిలింది.

పొద్దున లేచేసరికి మాత్రం దారి దొరికినట్టనిపించింది. ఆమె స్వభావం అంత. చెల్లెలు తనలా పరిగెత్తలేకపోతే తానే చెల్లెలిలా పరిగెత్తుతుంది. అంతేగా! తేలిక రోజులు ఇంకాస్త తేలికైతే తనకు పోయేదేమీ లేదని మాస్టారు కూడా అన్నాడు.

ఆ వారం అక్క జీవితంలో మంచి వారం. నెమ్మదిగా, ఆడుతూ పాడుతూ, చెరువు గట్టులాంటి పొడుగాటి రోడ్డు మీద ఇద్దరూ పరిగెత్తారు. మొదటి రెండు రోజులూ అలవాటు చొప్పున అక్కే వాగింది. మూడో రోజు నాలుక కరుచుకుని, "నువ్వు చెప్పవే," అంది.

పాలబండి ఒకటి దాటిపోయింది. వీధి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

"చెప్పనా?"

"చెప్పు మరి."

"కోప్పడకూడదు."

"నేనెందుకు కోప్పడతానే, పిచ్చిదానా."

"నాకు ఒక్కదాన్నీ పరిగెత్తాలనుందక్కా."

వాక్యం ఎక్కడా తెగలేదు. ఊపిరి ఎక్కడా తడబడలేదు. పరీక్షగా పెడితే నూటికి నూరు మార్కులు పడే వాక్యం. అక్క కాళ్లు తమంతట తాము కదులుతూ ఉన్నాయి.

"నా వేగం గురించైతే, నేను ఇంకా నెమ్మదిగా..."

"వేగం గురించి కాదు. నువ్వు నాకోసం కాళ్లకు సంకెళ్లేసుకుని వస్తున్నావు, నాకు తెలుస్తోంది. నువ్వు ఒక్క అడుగు ముందుకి పడితే నేను పడతాను. చిన్నప్పటినుంచీ అలవాటు. నువ్వు పక్కనుంటే నా తేలిక ఏదో నాకే తెలియదక్కా."

"ఎన్నాళ్లనుంచి అనుకుంటున్నావే ఇది?"

"ఏడాది పైనే అయింది. చెప్పాలనుకున్నప్పుడల్లా ఊపిరి అందేది కాదు. పరుగయ్యాక ఊపిరి అందేది, ధైర్యం పోయేది."

అక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. కోపమూ వచ్చింది, అబద్ధమెందుకు? జలుబుతో, జ్వరంతో, పిల్లాడి పరీక్షల రోజుల్లో పడుతూ లేస్తూ వచ్చింది ఈ మాట వినడానికా అనిపించింది. పుట్టిల్లంటే ఇదొక్కటే అనుకుంటే, ఆ ఇంటి తలుపు లోపలినుంచి వేసుకుంటానంటోంది చెల్లెలు. కానీ కూడికలు ఆమె చేతులతో ఆమె చేసినవే. కాదనడానికి నోరెక్కడిది?

మలుపు దగ్గర అక్క ఆగింది. "సరే," అంది. "వెళ్లు."

"అక్కా..."

"వెళ్లమన్నానుగా. చలికి ఒళ్లు చల్లబడుతుంది, నిలబడకు."

చెల్లెలు వెళ్లింది. అక్క అక్కడే నిలబడి కళ్లు తుడుచుకుంది. చూసినవాళ్లు చెమట తుడుచుకుంటోందనుకున్నారు.

తర్వాత రోజులు చప్పగా గడిచాయి. అక్క కుడిచేతి రోడ్డు, చెల్లెలు ఎడమచేతి రోడ్డు. ఒక్కతే పరిగెత్తుతుంటే చెప్పడానికి ఎవరూ లేక, అక్క ఆసుపత్రిలో రోగులతో మాట్లాడటం మొదలుపెట్టింది, ఒకరిద్దరి కాగితాలు మళ్లీ తియ్యాల్సి వచ్చింది కూడా. వారం వారం చెల్లెలు తన నిమిషాలు తానే కూడి మాస్టారికి పంపుతోందని, తేలిక నూటికి డెబ్బై ఎనిమిదికి ఎక్కిందని విన్నది. ఆయన తన పిరమిడే ఉంచాడట, ఆ అరగంట మధ్య జోరుతో సహా. అక్క మాత్రం తన రెండు కొసలే పట్టుకుంది. ఇప్పుడు ఆ తగువు ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

నెలాఖరు పరీక్ష పరుగులో చెల్లెలు నాలుగోదిగా వచ్చింది. ఐదో మనిషి వెనకే ఉంది, నాలుగు బారల దూరంలో. ఆఖరి చుట్టులో చెల్లెలు జోరు అందుకుంటుంటే, అప్పటికే గీత దాటిన అక్క కంచె పట్టుకుని గొంతు చిరిగేలా అరిచింది. "అద్భుతమేమీ కాదు," అన్నాడు మాస్టారు. "కాళ్లు ఊపిరి తీసుకున్నాయి, అంతే." చెల్లెలి పేరు మళ్లీ జట్టులోకి ఎక్కింది.

గ్రౌండు బయట కుళాయి దగ్గర ఇద్దరూ మొహాలు కడుక్కుంటున్నారు. ఇన్ని రోజులకు ఇద్దరే ఎదురుపడటం అదే. ఏం మాట్లాడాలో తెలియక అక్క పరుగు సంగతే ఎత్తింది.

"ఒక్కదానివీ వెళుతున్నావుగా. తేలికో కాదో ఎలా చూసుకుంటున్నావు? వాచీతోనేనా?"

"వాచీ చూస్తాను. మధ్యమధ్యలో పైకి మాట్లాడి కూడా చూస్తాను. నాలుగు వాక్యాలు తెగకుండా వస్తే సరే, లేకపోతే నెమ్మదిస్తాను."

"ఒక్కదానివీ పైకి మాట్లాడతావా? పిచ్చిదనుకుంటారే." అక్క నవ్వబోయింది. "ఏం మాట్లాడతావు?"

చెల్లెలు కుళాయి కట్టేసింది.

"అమ్మతో మాట్లాడతాను," అంది. "అమ్మ పోయాక నీతో ఎప్పుడు అమ్మ మాట ఎత్తినా నువ్వు ఇంకో కబురు మొదలుపెట్టేదానివి. నీ బాధ నాకు తెలుసులే, తప్పని కాదు. కానీ నాకు చెప్పుకోవాలనుండేది. ఇప్పుడు రోజూ చెప్పుకుంటున్నాను. కుట్టిన బట్టలు, దుకాణం, కాళ్ల నొప్పులు, అన్నీ."

అక్క తడి చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. తన కబుర్లు ఏ గోతిని పూడ్చడానికో ఆమెకు ఆ క్షణందాకా తెలియదు.

చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"నా గురించి చెబుతున్నావా అమ్మకి?"

"నీ గురించి చెప్పకుండా ఎలా? మొట్టమొదట నీ గురించే చెబుతాను."

అక్క కుళాయి గట్టు మీద కూలబడి, అమ్మ పోయిన రోజున కూడా ఏడవని ఏడుపు ఏడ్చింది. చెల్లెలు ఆమె తల తన నడుముకి ఆనించుకుని నిలబడింది.